పద్నాలుగు నెలలు వాడాక: మెసేజ్‌ను సరిచేసే ఆ బటన్ గురించి

మాది రేణిగుంట వైపు ఎలక్ట్రానిక్ బోర్డులు బిగించే ఫ్యాక్టరీ. నేను షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. ఫోన్ కీబోర్డులో మనం గబగబా కొట్టినదాన్ని చక్కటి తెలుగులోకి మార్చే బటన్ ఒకటి వచ్చినప్పటి నుంచి వాడుతున్నా. బస్సు అరగంట లేటు, క్యాంటీన్‌లో ఈ పొద్దు టిఫిన్ లేదు, ఆదివారం ఓటీకి ఎవరొస్తారు లాంటి వాటికి బంగారం. నా రాత చూసి నవ్వే అకౌంట్స్ మేడమ్ కూడా నవ్వడం మానేసింది.

మొదటి దెబ్బ ఆరో నెలలో తగిలింది. కాంపోనెంట్లు రాక రెండో లైన్ ఆపాల్సి వచ్చింది. నేను కొట్టింది ఇదీ: "అన్నా, సామాన్లు రాలా, సోమవారం నుంచి పది రోజులు రెండో లైనుకు లే-ఆఫ్, సగం జీతం వస్తాది, మళ్లా పిలుస్తాం." బటన్ నొక్కితే వచ్చింది: "సామగ్రి కొరత కారణంగా సోమవారం నుంచి రెండో లైన్ సిబ్బంది సేవలను నిలిపివేస్తున్నాము. ఇంతవరకు మీరు అందించిన సహకారానికి ధన్యవాదాలు." చదవడానికి బాగుంది కదా అని పంపేశా. పది నిమిషాల్లో ఫోన్ మీద ఫోన్. ఒకాయన "పీఎఫ్ డబ్బులు ఎప్పుడు ఇస్తారన్నా" అని అడిగాడు, అంటే మనసులో ఇంటికి వెళ్లిపోయాడన్నమాట.

లే-ఆఫ్ అంటే జనం నోట్లో ఉద్యోగం ఊడటం. చట్టంలో మాత్రం పని దొరక్క తాత్కాలికంగా ఆపడం, పేరు మస్టర్‌లోనే ఉంటుంది. ఆ తేడాను నిలబెట్టింది నా మెసేజ్‌లో "పది రోజులు", "మళ్లా పిలుస్తాం" అనే రెండు మాటలే. బటన్ వాటినే కొట్టేసింది.

ఇంకా సిగ్గు పడాల్సింది తర్వాత తెలిసింది. నేను రాసిన అసలు మెసేజ్ కూడా తప్పే! హెచ్ఆర్ సార్ కూర్చోబెట్టి చెప్పాడు: వచ్చేది చేతికొచ్చే జీతంలో సగం కాదు, బేసిక్, డీఏ కలిపి అందులో సగం, అదీ ఏడాది సర్వీసు నిండినవాళ్లకు. పైగా ఆ పది రోజులూ రోజుకొకసారి టైముకి గేటు దగ్గరకొచ్చి హాజరు వేయించుకోవాలి, రాకపోతే ఆ రోజు పరిహారం అడగలేరు. ఇది నా మెసేజ్‌లోనూ లేదు, బటన్ రాసినదాంట్లోనూ లేదు. లేనిదాన్ని అది యాడ నుంచి తెస్తుంది? అది ఉన్న మాటల్ని మాత్రమే దువ్వగలదు. చిత్తూరు అవతల పల్లెలకు వెళ్లిపోదామని బట్టలు సర్దుకున్నవాళ్లకు ఒక్కొక్కరికి ఫోన్ చేసి ఆపాను.

అప్పుడు ఒక రూల్ పెట్టుకున్నా: లే-ఆఫ్, తీసేయడం, ఆసుపత్రి లాంటి మాటలుంటే బటన్ నొక్కను. తెలివైన పనే అనుకున్నా గానీ రెండు నెలలు కూడా నిలవలేదు. "సోమవారం నుంచి రానక్కర్లేదు" అనే వాక్యంలో ఆ మాటలేవీ ఉండవు మరి.

రెండోది ఆరోగ్యం సంగతి. మా కుర్రాడొకడికి తెల్లారుజామున ఛాతీలో నొప్పి వస్తే తిరుపతిలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఈసీజీ బాగానే ఉంది, రక్త పరీక్ష కొన్ని గంటలాగి మళ్లీ చేస్తామన్నారు. "గుండెదేమో అని చూస్తా ఉన్నారంట, ఇంకా తెలీదు" అని కొట్టా. "గుండె సంబంధిత సమస్యతో చికిత్స పొందుతున్నారు" అయింది. 'ఏమో' పోయింది, 'అంట' పోయింది. ఈసారి పంపే ముందు చూశాను కాబట్టి సరిపోయింది, ఆ గ్రూపులో వాళ్ల బావమరిది ఉన్నాడు, వాళ్లమ్మకు ఇంకా ఎవరూ చెప్పలేదు. తీరా చూస్తే అది గ్యాస్ నొప్పి.

అందుకే ఇప్పుడు చూసేది టాపిక్ కాదు, నా వాక్యంలోని చిన్న మాటలు. ఏమో, అంట, ఇంకా, ప్రస్తుతానికి, మళ్లా... ఇవి ఉన్నాయంటే బరువంతా వాటి మీదే ఉంటుంది, బటన్‌కు అవి చెత్తలా కనిపిస్తాయి. ఇంకొకటి, చదివినవాడు వెంటనే ఏం చేస్తాడు అని ఆలోచిస్తా. బట్టలు సర్దుకుంటాడా, అప్పు చేసి బస్సెక్కుతాడా, అమ్మకు ఫోన్ చేస్తాడా? అవుననిపిస్తే ముందు మనిషికి చూపించాలి, అదీ విషయం తెలిసిన మనిషికి. జీతం సంగతైతే హెచ్ఆర్ సార్, జబ్బు సంగతైతే ఆ ఇంటివాళ్లు. పక్కన కూర్చున్న మా ఫ్రెండ్‌కు చూపిస్తే "బాగుందిరా" అంటాడు, వాడికి గేటు దగ్గర హాజరు సంగతి ఏం తెలుసు.

మనిషి చూశాక కూడా బటన్ నొక్కకూడదు, ఇది మాత్రం నాకు చాలా లేటుగా వెలిగింది. సార్ ఓకే అన్న వాక్యాన్ని మళ్లీ దువ్వితే అది సార్ చూసిన వాక్యం కాదు.

ఐదుకి మూడు స్టార్లు. బస్సు టైమింగులకు రోజూ వాడుతున్నా.