డిమాండ్ ఛార్జీ తగ్గించడానికి పెట్టిన బ్యాటరీ: మూడు వేసవులు వాడాక సైజు సంగతి

మేం నడిపే ఆఫీసు భవనంలో 100 కిలోవాట్ల ఇన్వర్టర్, 200 యూనిట్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉన్న క్యాబినెట్ ఒకటి పెట్టించాం. మూడు వేసవులు దాటాయి. సోలార్ దాచుకోవడానికి కాదు, కరెంటు పోతే వాడుకోవడానికీ కాదు, కేవలం మాక్సిమమ్ డిమాండ్ తగ్గించడానికే. పని చేస్తుందా అంటే చేస్తుంది. కానీ అమ్మేటప్పుడు చెప్పిన 100 కిలోవాట్ల తగ్గింపు మాకు వేసవిలో ఒక్క నెల కూడా రాలేదు. ఈ సైజుతో రాదు కూడా. 80 దాకా వస్తోంది, అదీ కాస్త కనిపెట్టుకుని ఉంటేనే.

మా టారిఫ్‌లో మీటరు ప్రతి 15 నిమిషాల సగటు లోడు నమోదు చేస్తుంది. నెలలో ఆ సగటుల్లో ఏది ఎక్కువైతే దాని మీదే డిమాండ్ ఛార్జీ. మిగతా నెలంతా ఎంత పొదుపుగా ఉన్నా ఆ ఒక్క 15 నిమిషాలే లెక్క. కాబట్టి ఇక్కడ బ్యాటరీ 29 రోజులు బాగా పనిచేసి ఒక్క మధ్యాహ్నం చేతులెత్తేస్తే, ఆ నెల సగం డబ్బు పోయినట్టే. సైజు ఎంచుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుంటే చాలా ప్రశ్నలు వాటంతటవే తేలిపోతాయి.

కొనే ముందు మేం చేసిన పనుల్లో బాగా ఉపయోగపడింది మీటరు లోడ్ సర్వే డేటా తీయించడం. ఏడాది మొత్తానిది, 15 నిమిషాల లెక్కన. నెలవారీ బిల్లులో ఉండే ఒక్క డిమాండ్ అంకెతో బ్యాటరీ సైజు తేల్చలేం. పీక్ ఎంత ఎత్తు ఉందో అది చెబుతుంది కానీ ఎంత వెడల్పు ఉందో చెప్పదు. బ్యాటరీలో యూనిట్లు ఖర్చయ్యేది వెడల్పుకే.

మా భవనంలో ఒక మామూలు వేసవి మధ్యాహ్నం ఇలా ఉంటుంది. రెండు గంటలకు 410 కిలోవాట్లు, అక్కడి నుంచి పావుగంటకోసారి 425, 440, 455, 470. మూడుంపావుకు మొదలయ్యే పావుగంటలో 480 తాకుతుంది. తర్వాత 475, 465, 450, 435, 420, 405గా దిగుతుంది. చిల్లర్ల పుణ్యమే ఇదంతా. ఇప్పుడు ఈ పీక్‌ను 440 దగ్గర కోయాలనుకుందాం. 440 పైన ఉన్నవన్నీ కూడితే 15, 30, 40, 35, 25, 10, మొత్తం 155. ఒక్కోటి పావుగంటే కాబట్టి నాలుగుతో భాగిస్తే 39 యూనిట్లు. అంటే 40 కిలోవాట్ల తగ్గింపు 39 యూనిట్లతో వచ్చేస్తుంది, చవక. 420 దగ్గర కోస్తే 60 కిలోవాట్లు తగ్గుతాయి, 79 యూనిట్లు కావాలి. 400 దగ్గరైతే 80 తగ్గుతాయి, 132 యూనిట్లకు కాస్త ఎక్కువ కావాలి. ఇక 380కి దింపుదామంటే రెండుకు ముందూ అయిదు తర్వాతా ఉన్న పావుగంటలు కూడా లెక్కలోకి వచ్చి 201 యూనిట్లకు చేరుతుంది.

గుట్ట లాంటిదన్నమాట: శిఖరం కోయడం తేలిక, కిందికి దిగే కొద్దీ తవ్వాల్సిన మట్టి పెరిగిపోతుంది. మొదటి 40 కిలోవాట్లకు 39 యూనిట్లు పడితే చివరి 20 కిలోవాట్లకే 69 పడుతున్నాయి. డిమాండ్ ఛార్జీ మాత్రం మొదటి కిలోవాట్‌కూ చివరి కిలోవాట్‌కూ ఒకటే రేటు. ఈ లెక్క వేయకుండా "మీ పీక్ 480, మీకు 100 కిలోవాట్లు తగ్గిస్తాం" అని ఎవరైనా కొటేషన్ ఇస్తే వాళ్లు మీ డేటా తెరిచి చూడలేదని అర్థం. మీ పీక్ సన్నగా ఉంటే, ఉదాహరణకు అరగంట పాటు నడిచే పెద్ద పంపుల వల్ల వచ్చేదైతే, చిన్న బ్యాటరీతోనే బోలెడు తగ్గుతుంది. మాలాగా మధ్యాహ్నమంతా పరుచుకున్న ఏసీ లోడైతే ఖరీదైన బేరం.

పైగా 200 యూనిట్ల బ్యాటరీ అంటే 200 యూనిట్లు రావు. మాది 95 శాతం దాకా ఛార్జ్ చేసి 10 శాతం దగ్గర ఆపుతాం, అంటే 170. ఇన్వర్టర్‌లో, కేబుళ్లలో పోయేది తీసేస్తే ప్యానెల్ దగ్గర చేతికందేది కొత్తలో 161 దాకా ఉండేది. క్యాబినెట్ కూలింగ్ కూడా సరిగ్గా ఆ ఎండ వేళే నడుస్తుంది, ఆ కరెంటూ అదే మీటరు వెనక నుంచే వెళ్తుంది. 161లో 132 అవసరం, 29 మిగులు. కాగితం మీద చూస్తే ఎక్కువే అనిపించింది. సంవత్సరంలో బాగా వేడిగా ఉండే పది పన్నెండు రోజుల డేటా వేసి చూస్తే ఆ మిగులులో సగం అప్పుడే కరిగిపోయింది, ఎందుకంటే ఆ రోజుల్లో పీక్ ఎత్తు పెద్దగా పెరగదు, సాయంత్రం వైపు సాగుతుంది. అందుకే సెట్‌పాయింట్ 400 దగ్గర పెట్టాం. 380 పెట్టి ఉంటే మామూలు వేసవి రోజునే బ్యాటరీ ఖాళీ అయ్యేది.

ఇంత చూసుకున్నా రెండో వేసవిలో ఒక నెల దెబ్బ తగిలింది. ఆ రోజు స్క్రీన్ మీద బ్యాటరీ 24 శాతం చూపిస్తోంది, నాలుగున్నర దాటింది, ఇంకో అరగంట గట్టెక్కితే చాలు. చూస్తుండగానే 24 కాస్తా 8 అయింది, ఇన్వర్టర్ ఆగిపోయింది. ఆ పావుగంట 438గా నమోదైంది. 80 రావాల్సిన తగ్గింపు ఆ నెలకు 42తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. సప్లయర్ ముందు సెల్ పాడైందన్నారు, తర్వాత వేడి అన్నారు. చివరికి తేలింది వేరే. ఈ రకం బ్యాటరీలో వోల్టేజీ మధ్యలో చాలా దూరం దాదాపు సమంగా ఉంటుంది. 70 శాతం దగ్గరా 40 శాతం దగ్గరా పెద్ద తేడా కనిపించదు. అందుకని బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ లోపలికి వచ్చిన, బయటికి పోయిన కరెంటును కూడుతూ తీసేస్తూ శాతం చెబుతుంది. ఆ కూడికలో చిన్న చిన్న తప్పులు పేరుకుంటాయి. నిండుగా ఛార్జ్ చేసినప్పుడే వోల్టేజీ స్పష్టంగా పెరిగి లెక్క సరిదిద్దుకుంటుంది. చల్లని నెలల్లో మేం రోజూ కొంచెం వాడి కొంచెం నింపుతూ వచ్చాం, నిండా ఛార్జ్ చేయాలన్న షెడ్యూలు సప్లయర్ పెట్టిన సెట్టింగుల్లో లేనే లేదు. ఇప్పుడు వారానికోసారి రాత్రి 100 శాతం దాకా తీసుకెళ్లి కాసేపు ఉంచుతున్నాం. మళ్లీ అలాంటి దూకుడు కనిపించలేదు. మీ స్క్రీన్ మీద శాతం ఒక్కసారిగా అయిదారు పాయింట్లు గెంతుతోందంటే అనుమానించాల్సింది ముందు దీన్నే.

అప్పుడే కంట్రోలర్‌లో ఇంకో మార్పు కూడా చేయించాం. నెలలో ఒకసారి 438 నమోదయ్యాక ఇంకా 400 కోసం బ్యాటరీని అరగదీయడంలో అర్థం లేదు, బిల్లు ఎటూ 438 మీదే వస్తుంది. కాబట్టి ఆ నెల మిగతా రోజులకు సెట్‌పాయింట్ అక్కడికి ఎక్కి, మీటరు రీడింగ్ తేదీన మళ్లీ 400కి దిగాలి. క్యాలెండర్ ఒకటో తేదీన కాదు, బిల్లింగ్ తేదీన. గత నెలల గరిష్ఠంలో కొంత శాతాన్ని కనీస డిమాండ్‌గా లెక్కగట్టే టారిఫ్ మీదైతే ఈ దెబ్బ చాలా నెలలు వెంటాడుతుంది. అలాంటి చోట మిగులు ఇంకా ఎక్కువ పెట్టుకోవాలి.

సోమవారాల సంగతి వేరు. రెండు రోజులు మూసి ఉన్న భవనాన్ని చల్లబరచడానికి పొద్దున్నే చిల్లర్లన్నీ ఒకేసారి పరిగెత్తుతాయి, దాంతో ఎనిమిదింటికే ఒక చిన్న పీక్ వచ్చి 50 యూనిట్లు తినేస్తుంది. మధ్యాహ్నం రెండింటికల్లా అవి తిరిగి నిండాలి. పది నుంచి ఒంటిగంట దాకా లోడు 370 దగ్గర ఉంటుంది. 400కి మధ్య 30 కిలోవాట్ల చోటుంది కదా అని మొత్తం వాడేస్తే ఏదో ఒక లిఫ్ట్, ఏదో ఒక పంపు కలిసి దాటించేస్తాయి. 20 కిలోవాట్లకే పరిమితం చేశాం. మూడు గంటల్లో 60 యూనిట్లు తీసుకుంటుంది, నష్టాలు పోను సరిపోతోంది. కానీ బొటాబొటిగానే. సెట్‌పాయింట్ ఇంకా కిందికి దించి ఉంటే రీఛార్జికి చోటే ఉండేది కాదు. సైజు లెక్కలో ఇది చాలామంది చూడరు: కిందికి కోసిన కొద్దీ ఖర్చు పెరగడమే కాదు, నింపుకునే దారి కూడా ఇరుకైపోతుంది.

గడియారం గురించి ఒక్క మాట. మీటరు పావుగంట ఎక్కడ మొదలవుతుందో కంట్రోలర్ పావుగంట కూడా అక్కడే మొదలవ్వాలి. మొదటి అయిదు నిమిషాలు 430 పోతే మిగతా పది నిమిషాలు 385 దగ్గర ఉంచి సగటును 400కి తేవచ్చు, మంచి కంట్రోలర్ చేసేది ఇదే. గడియారాలు నాలుగైదు నిమిషాలు తేడాగా ఉంటే మాత్రం ఆ దిద్దుబాటు పక్క పావుగంటలో పడుతుంది. కంట్రోలర్ లాగ్‌లో 400 చూపిస్తూ బిల్లులో 409 వస్తే గడియారాలు సరిచూడండి. మీటరు స్థిరమైన పావుగంటలు కాకుండా కొద్ది నిమిషాలకోసారి ముందుకు జరుగుతూ సగటు తీసే రకమైతే ఈ సర్దుబాటును నమ్ముకోకూడదు.

మూడో వేసవికి ముందు సామర్థ్యం కొలిచాం. మామూలుగా వాడే 95 శాతం దాకా ఛార్జ్ చేసి, స్థిరంగా 50 కిలోవాట్ల చొప్పున కింది హద్దు దాకా దించి, క్యాబినెట్ ఏసీ వైపు మీటరులో యూనిట్లు చూశాం. 161 ఉండాల్సింది 148 వచ్చింది. పెద్ద తరుగు కాదు. మా వాడకం ఎక్కువ కూడా కాదు, చల్లని నెలల్లో దానికి దాదాపు పనే ఉండదు. అయితే పని లేనంత కాలం నిండుగా, వేడిలో ఉంచితే అదే దాన్ని ముసలిదాన్ని చేస్తుంది కాబట్టి ఆ నెలల్లో వారపు ఛార్జి అయ్యాక 60 శాతానికి దింపి పెడుతున్నాం. మిగులు తగ్గినందుకు వేసవి సెట్‌పాయింట్‌ను 405కి జరిపాం. అయిదు కిలోవాట్లు వదులుకుంటే అదే మధ్యాహ్నానికి 15 యూనిట్లు మిగిలాయి, 117 చాలు. బేరం బాగానే ఉంది.

రెండో క్యాబినెట్ తీసుకోమని సప్లయర్ అడుగుతూనే ఉన్నారు. ఇంకో 20 కిలోవాట్ల కోసం ఇంకో 70 యూనిట్ల దాకా పెట్టడం, పైగా రీఛార్జికి చోటు లేకుండా చేసుకోవడం నాకు గిట్టుబాటుగా కనిపించలేదు. దాని బదులు ఒంటిగంటకే గదుల ఉష్ణోగ్రత ఒక డిగ్రీ దింపి, రెండున్నర నుంచి నాలుగు దాకా మెల్లగా పెరగనిచ్చేలా చిల్లర్ షెడ్యూలు మార్చాం. పీక్ మధ్యభాగం 15 కిలోవాట్ల దాకా పల్చబడింది. ఖర్చు, భవనం కంట్రోల్ సిస్టమ్ మనిషి ఒక పూట పని. నాలుగో అంతస్తు నుంచి ఉక్కపోతగా ఉందని మూడు ఫిర్యాదులు వచ్చాయి, అక్కడి డిఫ్యూజర్ సరిచేస్తే సర్దుకుంది.