నిశ్చితార్థం విందుకు 200 మంది: కేటరింగ్ వారికి ప్లేట్ల లెక్క రాయాలా, సరుకు లెక్క రాయాలా?

కేటరింగ్ వారికి ఇచ్చే ఉత్తరం మన ఇళ్ళలో రెండు రకాలుగా రాస్తారు. ఒకదానిలో వంటకాల పేర్లు వరసగా ఉండి, కింద "200 ప్లేట్లు, ప్లేటు ఇంత" అని ఉంటుంది. రెండోదానిలో ప్రతి వంటకం పక్కన కిలోలో, లీటర్లో, ముక్కల లెక్కో ఉంటుంది. చాలామంది మొదటిదే రాస్తారు, తేలిక కాబట్టి. కానీ ఆ ఉత్తరం మనం ఎంత చెల్లించాలో చెబుతుంది గానీ వాళ్ళు ఎంత వండాలో చెప్పదు. అందరూ అన్నీ వేసుకోరన్న అంచనాతో వంటవారు వేపుడూ మిఠాయీ తగ్గించి వండితే, తొమ్మిది గంటలకు వచ్చిన మగపెళ్ళివారి పెద్దలకు సాంబారు అన్నమే మిగులుతుంది. అప్పుడు అడగడానికి మన చేతిలో ఏ ఆధారమూ ఉండదు.

సరుకు లెక్కతో రాస్తే శాకాహార విందుకు ఉత్తరం ఇలా ఉంటుంది:

"అయ్యా, నమస్కారం. మా అమ్మాయి నిశ్చితార్థం విందు రాత్రి 7:30కి మొదలవుతుంది. అతిథులు 200 మంది. తెల్లన్నానికి బియ్యం 18 కిలోలు, పులిహోరకు బియ్యం 6 కిలోలు. కందిపప్పు ముద్దపప్పుకు 5 కిలోలు. గుత్తివంకాయకు లేత కాయలు 400. దొండకాయ వేపుడుకు పచ్చి కాయలు 20 కిలోలు. పూర్ణం బూరెలు 300, ఒక్కొక్కటి 40 గ్రాములకు తగ్గకుండా. సాంబారు 30 లీటర్లు, పెరుగు 20 కిలోలు. అప్పడాలు 250. బియ్యం, పప్పు, కూరగాయల తూకాలు వండకముందువి, బూరెల బరువూ సాంబారు కొలతా వండిన తర్వాతవి."

ఆ చివరి వాక్యం తప్పనిసరిగా ఉండాలి. కిలో బియ్యం ఉడికితే రెండున్నర, మూడు కిలోల అన్నం అవుతుంది. "రైస్ 50 కిలోలు" అని మాత్రమే రాస్తే మీరు బియ్యం అనుకోవచ్చు, వాళ్ళు అన్నం అనుకోవచ్చు. పై ఉత్తరంలో రెండూ కలిపి 24 కిలోల బియ్యం, అంటే మనిషికి 120 గ్రాములు. రాత్రి పూట, ఇన్ని వంటకాల మధ్య ఇది సరిపోతుంది. దొండకాయ వేగితే నీరు పోయి సుమారు సగం అవుతుంది, కాబట్టి 20 కిలోలకు మనిషికి 50 గ్రాముల వేపుడు దక్కుతుంది. పది కిలోలు చాలులే అనుకుంటే మనిషికి చెంచాడే మిగులుతుంది.

వంకాయలకు మాత్రం కిలోల కంటే కాయల లెక్కే మేలు. లేతవి కిలోకు పాతిక దాకా తూగుతాయి, ముదురువి పదో పన్నెండో. కిలోలు రాస్తే పెద్ద కాయలు కోసి తెచ్చి అదే గుత్తివంకాయ అనవచ్చు. బూరెల విషయంలో ఇబ్బంది తారుమారు: లెక్క ఒక్కటే రాస్తే బూరె ఉసిరికాయంత అయిపోవచ్చు. అందుకే అక్కడ సంఖ్యా, బరువూ రెండూ రాశాను.

ప్లేట్ల లెక్కకు ఒక బలం నిజంగానే ఉంది. అతిథులు 200 అనుకున్నచోట 230 మంది వస్తే ఆ బరువు కేటరింగ్ వారిపై పడుతుంది. అదనపు ప్లేట్లకు డబ్బిస్తే సరి. పళ్ళేలు, వడ్డించేవాళ్ళు, గ్యాసు కూడా సాధారణంగా అందులోనే వస్తాయి. సరుకు లెక్కలో వాటిని విడిగా రాసుకోవాలి, అంచనా తప్పితే భారం మనదే. అయితే ప్లేట్ల లెక్కలోనూ తగాదా రాకపోదు. బఫేలో ఒకరే రెండు పళ్ళేలు తీసుకుంటారు, ఫొటోగ్రాఫర్లూ డ్రైవర్లూ తింటారు. తెచ్చినప్పుడు ఎన్ని పళ్ళేలు, ముగిశాక వాడనివి ఎన్ని అని మనవాళ్ళొకరు దగ్గరుండి లెక్కపెట్టాలి. మిగిలిన వంటలు ఎవరివో కూడా రాయకపోతే అవి వాళ్ళ బండి ఎక్కేస్తాయి.

నిశ్చితార్థానికి సాధారణంగా ఫోను చేసి దగ్గరివాళ్ళనే పిలుస్తాం కాబట్టి మన వైపు సంఖ్య దాదాపు తెలుసు. తేడా వచ్చేది ఎదుటివారి వైపే. అరవై అన్నవాళ్ళు ఎనభై రావచ్చు. ఈ తేడా ఇరవై, పాతిక మంది వరకే ఉంటుందనిపిస్తే సరుకు లెక్కే రాయండి. అసలు సంఖ్యే తెలియకపోతే చెల్లింపు ప్లేట్లకు పెట్టి, వేపుడు, గుత్తివంకాయ, బూరెలకు మాత్రం పై లెక్కలు అతికించండి. త్వరగా అయిపోయేవీ, అప్పటికప్పుడు చేయలేనివీ అవే.

అన్నం అలా కాదు, అరగంటలో మళ్ళీ వండవచ్చు. అందుకని ఉత్తరం చివర ఇంకో మాట చేర్చాలి: "విడిగా 4 కిలోల బియ్యం, కిలో కందిపప్పు పొయ్యి దగ్గర ఉంచండి. రాత్రి 8:30కి మేము చెబితేనే వండండి. వాడకపోతే వెనక్కి తీసుకువెళ్ళండి, వాటికి లెక్క కట్టవద్దు."