పదోన్నతి అభినందన: రెండు చిత్తుప్రతులు

మా జట్టులో ఒకామెకు టెస్టింగ్ లీడ్‌గా పదోన్నతి వచ్చినప్పుడు అభినందన పోస్టు రెండు రకాలుగా రాసి చూశాను.

మొదటిది: "అంకితభావం, కష్టపడే తత్వం, చెరగని చిరునవ్వు ఆమె సొంతం." రెండు నిమిషాల్లో అయిపోయింది. పేరు మారిస్తే పక్క జట్టులో ఎవరికైనా సరిపోతుంది, పదవీ విరమణ సభకూ పనికొస్తుంది.

రెండోది: "జీతాల సాఫ్ట్‌వేర్‌లో నెల మధ్యలో చేరినవారికి పీఎఫ్ కోత తప్పుగా పడుతోందని విడుదలకు ముందే కనిపెట్టింది ఆమే. లోపాన్ని నమోదు చేసి ఊరుకోలేదు. చేరిన తేదీల వారీగా పరీక్షల పట్టిక తయారుచేసి, ఇద్దరు కొత్తవారికి నేర్పారు. ఇప్పుడు ప్రతి విడుదలకు ముందు ఆ పరీక్షలు వాళ్లే చేస్తున్నారు."

దీనికోసం పాత లోపాల నమోదులన్నీ తిరగేయాల్సి వచ్చింది, గంట పట్టింది. కానీ పదోన్నతి ఎందుకో చివరి వాక్యం చెబుతోంది. లోపాలు పట్టడం ఆమె పాత పని, ఇతరుల చేత పట్టించడం కొత్త పని.

ఇందులో చిక్కులూ ఉన్నాయి. క్లయింటు పేరు తీసేశాను. ఆ లోపాన్ని సరిచేసిన ప్రోగ్రామర్ పేరు మాత్రం మరిచిపోయాను. ముందుగా ఆమెకు చూపించాను కాబట్టి సరిపోయింది, ఆమే గుర్తుచేశారు.