పట్టిక చెప్పింది 98, తెర మీద కనిపించింది 81

నల్గొండలో మా ఇంటి కంప్యూటర్‌లో ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు పెట్టి రెండేళ్లు దాటింది. కార్డు మంచిదే. నేను ఇక్కడ రాయదలచుకున్నది మాత్రం దాన్ని కొనే ముందు వేసుకున్న లెక్క గురించి. కార్డుల వేగాలను పోల్చి చూపే సాపేక్ష పనితీరు పట్టిక చూసి, ఆటలో సెకనుకు తెర మీద గీసే బొమ్మలు, అంటే ఫ్రేములు, ఎన్ని పెరుగుతాయో అంచనా కట్టాను. ఒక్కో ఫ్రేముకు ఎన్ని రూపాయలు పడుతుందో తేల్చుకున్నాను. ఆ లెక్క ఎక్కడ నిలబడిందో, ఎక్కడ తప్పిందో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

అప్పటికి నా దగ్గర ఉన్నవి రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 4 జీబీ జీటీఎక్స్ 1650 కార్డు. కొలతకు 'షాడో ఆఫ్ ద టూమ్ రైడర్' ఆటను ఎంచుకున్నాను. అందులోనే పరీక్ష ఉంటుంది. ప్రతిసారీ అవే దృశ్యాలు నడుస్తాయి కాబట్టి పాత అంకెను కొత్త అంకెతో నమ్మకంగా పోల్చవచ్చు. 1080పీ తెర మీద, అత్యధిక నాణ్యతలో, మూడుసార్లు నడిపితే సగటు 44 ఫ్రేములు వచ్చింది.

ఇక పట్టిక. నేను చూసిన దానిలో ఆర్‌ఎక్స్ 6600ను 100గా తీసుకుంటే జీటీఎక్స్ 1650 సుమారు 45 దగ్గర ఉంది. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. వందలోంచి నలభై అయిదు తీసేసి '55 శాతం పెరుగుతుంది' అనుకుంటారు. పెరుగుదలను పాత కార్డు మీద లెక్కించాలి. 100ను 45తో భాగిస్తే 2.22 వస్తుంది, అంటే రెండింతలకు పైనే. నా 44ను 2.22తో గుణిస్తే 98 ఫ్రేములు. 55 శాతం అనుకుని ఉంటే 68 దగ్గరే ఆగి, ఈ కార్డు దండగ అని వదిలేసేవాణ్ణి.

అయితే ఆ 98 నా కంప్యూటర్ అంకె కాదు. ఇలాంటి పట్టికలు తయారు చేసేవాళ్లు కార్డుల మధ్య తేడా మాత్రమే బయటపడాలని అప్పటికి దొరికే అత్యంత వేగవంతమైన ప్రాసెసర్‌తో పరీక్షిస్తారు. నాది 2018 నాటి ప్రాసెసర్. కార్డు ఎంత వేగంగా గీయగలిగినా, ప్రాసెసర్ సిద్ధం చేసి ఇచ్చిన ఫ్రేములనే గీస్తుంది. ఆ పైకప్పు ఎంత ఎత్తులో ఉందో పాత కార్డుతోనే తెలుసుకోవచ్చు. ఈ రెండేళ్లలో నాకు అన్నిటికంటే ఉపయోగపడిన పని ఇదే.

ఆటలో మిగతావేవీ ముట్టుకోకుండా రిజల్యూషన్ మాత్రమే తగ్గించాలి. నీడలు, దూరపు వస్తువుల వివరాలు తగ్గిస్తే ప్రాసెసర్ భారం కూడా తగ్గి కొలత చెడుతుంది. 1280×720కి దించితే 71 ఫ్రేములు వచ్చాయి. ఫలితాల తెర మీద GPU Bound అనే వరుస ఇంకా 90 శాతం పైనే ఉంది, అంటే అడ్డుపడుతున్నది ఇంకా కార్డే. రిజల్యూషన్‌ను ఇంకా తగ్గిస్తే 84 వచ్చింది. మరో మెట్టు దించినా 84 దగ్గరే నిలిచిపోయింది. ఈసారి GPU Bound దాదాపు సున్నా. బొమ్మ మసకబారి కథానాయిక ముఖం కూడా పోల్చుకోలేనంతగా ఉంది, అంకె మాత్రం కదలడం లేదు. నా ప్రాసెసర్ పైకప్పు అది. కాబట్టి పట్టిక అంచనా 98, పైకప్పు 84, ఈ రెండింటిలో ఏది చిన్నదైతే అదే నాకు దక్కేది.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్లి కార్డు తెచ్చుకున్న రోజు రాత్రే అదే పరీక్ష నడిపాను. సగటు 81. పట్టికను మాత్రమే నమ్మి ఉంటే 17 ఫ్రేములు ఎక్కడికి పోయాయని కార్డును తిప్పి పంపే పనిలో పడేవాణ్ణి. 84కు మూడు తక్కువ రావడం నాకు సంతోషమే కలిగించింది.

డబ్బు లెక్కకు వస్తే, కార్డు ధర 20,500. దాన్ని 98తో భాగిస్తే ఫ్రేముకు 209 రూపాయలు. సమీక్షల్లో కనిపించేది ఈ తరహా అంకే. ఏమీ లేకుండా కొత్తగా మొదలుపెట్టేవారికి అది సరిపోతుంది. నాకు 44 ఫ్రేములు ముందే ఉన్నాయి కదా, వాటికి మళ్లీ డబ్బు కట్టినట్టు ఎందుకు లెక్కించాలి? పాత కార్డును సూర్యాపేట విద్యార్థికి 6,500కు అమ్మాను. చేతి నుంచి నికరంగా పడింది 14,000. పెరిగింది 37 ఫ్రేములు. ఒక్కో అదనపు ఫ్రేముకు 378 రూపాయలు. నిజమైన ఖర్చు ఇది.

ఈ తేడా ఎంత ముఖ్యమో ఆర్‌ఎక్స్ 6700 ఎక్స్‌టీ గురించి ఆలోచించినప్పుడు తెలిసింది. నాకు చెప్పిన ధర 32,000. అదే పట్టికలో అది 135 దగ్గర ఉంది, అంటే నా పాత కార్డుకు మూడింతలు, 132 ఫ్రేములు. ధరను భాగిస్తే ఫ్రేముకు 242. 209తో పోలిస్తే పెద్ద తేడా అనిపించదు, మనసు అటే లాగుతుంది. కానీ నా పైకప్పు 84. పెరిగేది మహా అయితే 40 ఫ్రేములు, నికర ఖర్చు 25,500. అదనపు ఫ్రేముకు దాదాపు 638 రూపాయలు! ఆ డబ్బుతో వచ్చే శక్తిలో ఎక్కువ భాగం నా పెట్టెలో ఊరికే పడి ఉండేది.

ఏడాది తర్వాత అదే మదర్‌బోర్డుకు బయాస్ కొత్తది ఎక్కించి రైజెన్ 5 5600 పెట్టాను. పాతది అమ్మగా నికర ఖర్చు 7,000. సగటు 81 నుంచి 96కు పెరిగింది. పట్టిక చెప్పిన 98 చివరికి దాదాపు నిజమైంది, కాకపోతే రెండో విడత డబ్బు కట్టాక. ఆర్‌ఎక్స్ 6600కు బోర్డుతో డేటా ఇచ్చిపుచ్చుకునే పీసీఐఈ లేన్లు ఎనిమిదే, బీ450 బోర్డులోని పీసీఐఈ పాతదైన మూడో తరానిది. మిగిలిన రెండు ఫ్రేముల్లో దాని వాటా కొంత ఉండవచ్చు. పెరిగిన ఒక్కో ఫ్రేముకు 467 రూపాయలంటే ఎక్కువే. అయినా ఆ ఖర్చుకు నేను బాధపడలేదు. సగటు పెరిగింది 15 ఫ్రేములే కానీ, అత్యంత నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల వేగం 52 నుంచి 70కి పెరిగింది. సంత వీధిలో పరుగెత్తేటప్పుడు వచ్చే కుదుపు పోయింది. సగటును భాగించే లెక్కలో ఈ లాభం ఎక్కడా కనిపించదు.

పట్టిక తక్కువ చెప్పిన సందర్భమూ ఉంది. ఆట అడిగే గ్రాఫిక్స్ మెమరీ 4 జీబీ దాటితే పాత కార్డు పట్టికలో ఉన్నదానికంటే ఘోరంగా కుంగిపోతుంది. నాణ్యమైన టెక్స్చర్లు పెట్టిన ఒక ఆటలో నాకు మూడింతలకు పైగా పెరిగింది. పట్టిక అంకె పాతిక ముప్పై ఆటల సగటు. మీరు రోజూ ఆడేది వాటిలో ఒకటో రెండో. ఆ ఆట విడి ఫలితం దొరికితే సగటును పక్కన పెట్టి దాన్నే తీసుకోండి.

మొన్న మహబూబ్‌నగర్ నుంచి మేనల్లుడు ఫోను చేశాడు. "మామా, నేనూ 6600 తీసుకోనా?" అన్నాడు. వాడి ఆటలో ఇప్పుడు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయని అడిగితే 57 అన్నాడు. తెర 60 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 60 ఫ్రేములకు మించి చూపించదు. పవర్ సప్లైకి ఈ కార్డుకు కావాల్సిన ఎనిమిది పిన్నుల తీగ లేదు, అది మార్చాలంటే మరో 3,500. ఆ డబ్బూ కార్డు ధరలో కలపమన్నాను. కనిపించే లాభం మూడు ఫ్రేములు, ఖర్చు ఇరవై వేలకు పైన. ఫోనులోనే భాగించి, కాసేపు మాట్లాడలేదు వాడు. తర్వాత 144 హెర్ట్జ్ తెరల ధరలు అడిగాడు.