మినహాయింపుల నోట్సు కొనేముందు ఎమీన్ల పేజీ తెరిచి చూడండి

నీట్‌కో జేఈఈకో చదువుతూ బెంగళూరులో ఉంటున్న మనవాళ్లకు ఈ హెచ్చరిక. కెమిస్ట్రీలోని మినహాయింపులన్నీ ఏరి ఒకేచోట పెట్టామంటూ స్పైరల్ బైండింగ్ చేసిన నోట్సు ఒకటి అవెన్యూ రోడ్డులో అమ్ముతున్నారు. నేను 380 రూపాయలు పెట్టి కొన్నాను. "పరీక్షలో అడిగేవి ఇవేనమ్మా, తీసుకో" అని దుకాణదారు చక్కటి తెలుగులో చెప్పేసరికి కరిగిపోయాను.

అందులో మొదటి పేజీలోనే "అయనీకరణ ఎంథాల్పీ: నైట్రోజన్ > ఆక్సిజన్" అని ఉంది. అంతే, ఇంకో మాట లేదు. దాన్నే కంఠతా పట్టి మాక్ టెస్టుకు వెళ్తే, అక్కడ అడిగింది రెండో అయనీకరణ ఎంథాల్పీ. నైట్రోజన్ అని పెట్టాను. నాలుగు మార్కులు రాకపోగా మరొకటి కోసేశారు.

నోట్సులో ఉన్నది అబద్ధం కాదు, సగం నిజం. మొదటి ఎలక్ట్రాన్‌ను తీయడానికి నైట్రోజన్‌కు మోల్‌కు సుమారు 1402 కిలోజౌళ్లు కావాలి, ఆక్సిజన్‌కు 1314 చాలు. నైట్రోజన్‌ది సగం నిండిన 2p³ అమరిక కావడమే కారణం. ఒక ఎలక్ట్రాన్ పోయాక మాత్రం ఆ అమరిక ఆక్సిజన్ అయాన్‌కు వస్తుంది, నైట్రోజన్ అయాన్‌కు 2p² మిగులుతుంది. అందుకే రెండో ఎలక్ట్రాన్ దగ్గర క్రమం తిరగబడి ఆక్సిజన్‌దే పైచేయి అవుతుంది. "మొదటి" అన్న ఒక్క మాట, పక్కన కారణం ఉంటే నేను మోసపోయేదాన్ని కాదు.

ఎమీన్ల క్షారత్వం పేజీ ఇంకా ఘోరం. సెకండరీ, ప్రైమరీ, టెర్షియరీ అని ఒకే వరస ఇచ్చారు. అది నీటిలో, అదీ మిథైల్ ఎమీన్లకు. ఇథైల్ అయితే సెకండరీ తర్వాత టెర్షియరీ వస్తుంది, ప్రైమరీ ఆ తర్వాతే. వాయుస్థితిలో రెండింటికీ టెర్షియరీయే ముందు. కాబట్టి దుకాణంలో నిలబడే ఆ పేజీ తెరవండి. మిథైల్, ఇథైల్ విడివిడిగా లేకపోయినా, "నీటిలో" అన్న మాట కనబడకపోయినా అక్కడే పెట్టేసి రండి. కొన్నాక వాపసు తీసుకోరు, నేను అడిగి చూశాను. "విప్పిన పుస్తకం కదమ్మా" అన్నాడు. విప్పకుండా చదవడం ఎలాగో ఆయనే చెప్పాలి.

ఇప్పుడు నా నోట్సులోంచి నేనే ఏరుకుంటున్నాను. ముందు నియమం, కింద దాన్ని తప్పే మూలకం, ఆపైన కారణం, చివర్లో అది ఏ పరిస్థితిలో చెల్లదో రాస్తున్నాను. ఈ చివరి గడి నింపలేకపోతే పాఠం మళ్లీ తెరుస్తాను. నైట్రోజన్ ఎదుట ఆ గడిలో "రెండో ఎలక్ట్రాన్" అని ఎర్ర పెన్నుతో రాసుకున్నాను.