అరబ్బీ మెనూ టీవీతో నాలుగేళ్లు: బొమ్మ బాగానే ఉంది, శబ్దం దగ్గరే జాగ్రత్త

మా బావ కువైట్ నుంచి తెచ్చిన 43 అంగుళాల ఆండ్రాయిడ్ టీవీ ఇది. కోనసీమలో గల్ఫ్ టీవీ ఉన్న ఇళ్లు చాలానే ఉంటాయి కాబట్టి తెర గురించి, యాప్‌ల గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. నేను చెప్పాల్సింది సెట్టింగ్స్‌లో ఉన్న ఒకే ఒక్క లైన్ గురించి. శబ్దం టీవీలోంచి రావాలా, బయట పెట్టిన సౌండ్‌బార్‌లోంచి రావాలా అని అడిగే లైన్ అది. మొదటి ఏడాదంతా దాన్ని అందరి దగ్గరా పొగిడాను. టీవీ ఆన్ చేస్తే బార్ కూడా దానంతటదే ఆన్ అయ్యేది, ఒక్క రిమోట్‌తో పని అయిపోయేది.

టీవీ బిగించిన కుర్రాడు భాష మార్చకుండానే ఓకే కొట్టుకుంటూ వెళ్లిపోయాడు. దాంతో మెనూ అరబ్బీలోనే ఉండిపోయింది. చూడటానికి ఇబ్బంది లేదు కదా అని మేమూ వదిలేశాం.

2022 జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 లక్షల క్యూసెక్కులకే ఇస్తారు, ఆ ఏడు 25 లక్షలు దాటింది. మా ఇల్లు ఏటిగట్టుకు ఇవతల ఉంది. పిన్ని వాళ్లది మాత్రం లంక. అమ్మ పొద్దుటి నుంచీ టీవీ ముందు నుంచి లేవలేదు. కరెంటు పోతోంది, వస్తోంది. మధ్యాహ్నం ఒకసారి పోయి వచ్చాక వార్తలు బొమ్మగా వస్తున్నాయి గానీ శబ్దం లేదు. కింద పరుగెత్తే అక్షరాలు అమ్మ చదవలేదు. "ఏ ఊరు చెబుతున్నాడో వినపడట్లేదురా అబ్బాయ్" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

నేను ముందు సెట్‌టాప్ బాక్స్‌ను అనుమానించాను. సోర్స్ బటన్ నొక్కితే వచ్చే జాబితా ఏ భాషలో ఉన్నా చదవొచ్చు, ఎందుకంటే HDMI 1, HDMI 2, AV, USB అన్న పేర్లను ఎవరూ అనువదించరు. HDMI 1 లోంచి AV కి మారి పాత డీవీడీ ప్లేయర్ పెట్టి చూశాను. అక్కడా శబ్దం లేదు. అసలు విషయం అక్కడే తెలిసిపోవాలి. ఒక్క సోర్స్‌లోనే శబ్దం పోతే తప్పు ఆ బాక్సుదో, ఆ కేబుల్‌దో. అన్నిట్లోనూ పోతే తప్పు టీవీ శబ్దాన్ని ఎటు పంపుతోందన్న దగ్గర ఉంటుంది. ఇంకో గుర్తు కూడా ఉంది. వాల్యూమ్ నొక్కితే మామూలుగా మా టీవీ గీతతో పాటు అంకె చూపిస్తుంది. ఆ రోజు అంకె లేని చిన్న పెట్టె ఒకటి వచ్చి పోతోంది. శబ్దం నా చేతిలో లేదు, బయటి పెట్టెకు అప్పజెప్పాను అని టీవీ చెబుతోందన్నమాట. బయటి పెట్టె, అంటే మా సౌండ్‌బార్, కరెంటు వచ్చాక నిద్ర లేవలేదు. టీవీ మాత్రం శబ్దమంతా దానికే పంపుతూ కూర్చుంది.

ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు నాకేం తోచలేదు. ఫోన్‌లో నెట్ లేదు. సెట్టింగ్స్ తెరిస్తే అన్నీ కుడి నుంచి ఎడమకు సాగే అక్షరాలే. మెనూ కూడా అద్దంలో చూసినట్టు తిరగబడి ఎడమ పక్క నుంచి వస్తుంది. గీత జరిపేచోట కుడి బాణం నొక్కితే తగ్గుతుంది, ఎడమది నొక్కితే పెరుగుతుంది. ఆ కంగారులో వెలుగు పెంచబోయి తెర మొత్తం చీకటి చేశాను.

అమ్మే ఇద్దరిని పిలిపించింది. ఒకరు పక్కింటి అక్క, కువైట్‌లో పదకొండేళ్లు ఇంటిపని చేసి వచ్చింది, అరబ్బీ గడగడా మాట్లాడుతుంది గానీ అక్షరం రాదు. రెండో ఆయన వీధి చివర దర్జీ భాయ్, ఖురాన్ చదువుతారు గానీ మాటలకు అర్థం తెలియదు. పైగా ఆయన చదివే అరబ్బీలో అచ్చులకు గుర్తులు ఉంటాయి, టీవీ మెనూలో ఉండవు. అందుకే తెరకు దగ్గరగా నిలబడి ఒక్కో మాటా కూడబలుక్కున్నారు. "అస్... సూరా అని ఉందండి" అన్నారు. అక్క వెంటనే "సూరా అంటే ఫోటో తమ్ముడూ, బొమ్మ" అంది. అది الصورة. దాని కింద లైన్ الصوت. భాయ్ "అస్సౌత్" అనగానే అక్క, "అదే! మేం సోత్ అంటాం. టీవీ గోల ఎక్కువైతే మా మేడం సోత్ తగ్గించమనేది" అంది. ఆ మాట పక్కన చిన్న స్పీకర్ బొమ్మ ఉంది. ఇన్నాళ్లూ నేను గమనించలేదు.

లోపలికి వెళితే నాలుగో లైన్‌లో రెండు ఎంపికలు ఉన్నాయి. చుక్క రెండోదాని మీద ఉంది. మొదటిదాంట్లో التلفزيون అన్న మాటను భాయ్ "తిలిఫిజ్యూన్" అని చదివారు, దానికి అర్థం అడగాల్సిన పని లేకపోయింది. దాని మీద ఓకే నొక్కాను. వార్తలు చదివే అమ్మాయి గొంతు గదంతా వినపడింది. పిన్ని వాళ్లను పునరావాస కేంద్రానికి తీసుకెళ్లినట్టు సాయంత్రం కబురు తెలిసే వరకు ఇద్దరూ మా ఇంట్లోనే ఉన్నారు. ఆ ఇద్దరి ఋణం నేను ఎప్పటికీ మర్చిపోను.

అదే మెనూలో బొమ్మ సంగతి కూడా ఆ తర్వాత తేలింది. سينما అన్న మాటను భాయ్ "సినిమా" అని చదవగానే అందరికీ అర్థమైంది. అది పెట్టగానే కొన్నప్పటి నుంచీ ఉన్న నీలం తెలుపు మెరుపు పోయి రాత్రిపూట కళ్లకు హాయిగా ఉంది. కాకపోతే మా దాంట్లో ఏ సోర్స్‌కు ఆ సోర్స్‌కే బొమ్మ తీరు గుర్తుంటుంది. HDMI 1 లో మారిస్తే యాప్‌లలో మారదు, అక్కడ మళ్లీ మార్చాలి.

వరద తగ్గాక భాష ఇంగ్లీషుకు మార్చాను. اللغة, అంటే భాష, అన్న లైన్ కింద ప్రతి భాష పేరూ దాని సొంత లిపిలోనే ఉంటుంది, English అని కనపడుతుంది. మా టీవీలో తెలుగు లేదు. ఇంగ్లీషులోకి రాగానే మెనూ అంతా ఎడమది కుడికి, కుడిది ఎడమకు మారిపోయింది. అమ్మకు రెండూ తెలియని భాషలే. వరద రోజున నేర్చుకున్న దారి ఆమె వేలికి అలవాటైపోయింది. హోమ్ బటన్, పైకి, ఎడమ చివర పళ్ల చక్రం, స్పీకర్ బొమ్మ. ఇంగ్లీషులో ఆ చక్రం కుడి చివరకు పోయింది. వారం రోజులు కష్టపడి "ముందున్నట్టే పెట్టెయ్‌రా" అంది. మళ్లీ అరబ్బీ పెట్టాను, ఇప్పటికీ అదే ఉంది.

కరెంటు పోయి వచ్చినప్పుడు బార్ నిద్ర లేవకపోవడం ఇప్పటికీ అప్పుడప్పుడూ జరుగుతుంది. అమ్మే మార్చేసుకుంటుంది. అందుకని, ఒక్క రిమోట్ సుఖం గురించి నేను మొదట్లో చెప్పినదంతా కరెంటు నిలకడగా ఉండే ఇళ్లకు మాత్రమే అనుకోండి. విడిగా స్పీకర్లు పెట్టని ఇంటికైతే ఈ టీవీ ధైర్యంగా తీసుకోవచ్చు. మాలాగా సౌండ్‌బార్ ఉంటే, బిగించిన రోజునే టీవీ మోగుతుండగా బార్ ప్లగ్ పీకి చూడండి. కాసేపట్లో టీవీ సొంత స్పీకర్ అందుకుంటే సరే. అందుకోకపోతే, ఆ లైన్ దగ్గరకు ఎన్ని నొక్కుళ్లో లెక్కపెట్టి, కాగితం మీద బాణం గుర్తులతో రాసి టీవీ వెనక అంటించుకోండి.