ఐదేళ్లు వాడాక: లాప్‌టాప్ బాగుంది కానీ, ఆ ర్యామ్ క్లిప్పులు…

ఈ లాప్‌టాప్ కొని ఐదేళ్లు దాటింది. స్క్రీన్ గురించి, కీబోర్డు గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, వాటి జోలికి పోను. నా గొడవంతా ర్యామ్ స్టిక్‌ని అటూ ఇటూ పట్టుకుని ఉండే రెండు చిన్న క్లిప్పులతోనే.

కొత్తలో "మూత విప్పితే చాలు, ర్యామ్ మనమే మార్చుకోవచ్చు" అని కనపడ్డ ప్రతివాడికీ చెప్పాను. మూత విప్పడం నిజంగానే సులువు. ఆ తర్వాతి సంగతి అప్పటికి నాకు తెలియదు.

రెండేళ్లకి మెషీన్ నెమ్మదించింది. రెండు 4 జీబీ స్టిక్కులు తీసేసి రెండు 8 జీబీవి పెడదామని ఒక ఆదివారం కూర్చున్నాను. ఆఫ్ చేసి, చార్జర్ పీకి, లోపల బ్యాటరీ వైరు కూడా ఊడదీశాను. అంతవరకు బాగానే ఉంది. క్లిప్పు మాత్రం కదిలితే ఒట్టు. గోళ్లు కొరికే అలవాటు వల్ల నా వేళ్లకి పట్టు దొరకదు. అందుకని చిన్న స్క్రూడ్రైవర్ దూర్చి పైకి లేపబోయాను. అది జారి బోర్డు మీద సన్నటి గీత పడింది. గుండె ఆగినంత పనైంది. ఎలాగో కుడివైపు క్లిప్పు వదిలింది, స్టిక్ ఒక పక్క లేచింది. ఇంకేముంది, ఎడమవైపుది కూడా వస్తుందిలే అని స్టిక్‌ని పట్టి గుంజాను. అది వచ్చింది, కానీ ఎడమ క్లిప్పు ఇనుప చెయ్యిని కాస్త బయటికి వంచి మరీ వచ్చింది. అప్పుడు నేనది గమనించలేదు.

కొత్తవి పెట్టాక 16 జీబీ చూపించింది. రెండు నెలలు సంతోషంగా గడిచాయి. ఒకరోజు బస్సు ప్రయాణం చేసి వచ్చి తెరిస్తే, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులకే నత్తనడక. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ చూస్తే `Slots used: 1 of 2` అని ఉంది, అంటే రెండు స్టిక్కుల్లో ఒకదాన్నే మెషీన్ గుర్తిస్తోంది. మూత విప్పి చూస్తే సంగతి అర్థమైంది. వంగిన వైపు క్లిప్పు కొక్కెం స్టిక్ అంచున ఉన్న అర్ధచంద్రాకారపు గాడిలో కూర్చోలేదు. కుదుపులకి స్టిక్ ఆ పక్క కొంచెం లేచింది.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఒక చిన్న షాపుకి తీసుకెళ్లాను. అక్కడి పెద్దాయన ట్వీజర్స్‌తో ఆ చెయ్యిని మెల్లగా లోపలికి సర్ది, "ఏం బాబూ, గుంజినవా?" అన్నాడు. ఒప్పుకున్నాను. అప్పుడాయన చూపించిన కిటుకే ఇంత రాయడానికి కారణం.

స్లాట్ లోపలి పిన్నులు స్ప్రింగుల్లా స్టిక్‌ని ఎప్పుడూ పైకి తోస్తుంటాయి. ఆ ఒత్తిడంతా క్లిప్పు కొక్కెం మీదే పడుతుంది, బిగుతంతా అందుకే. వానాకాలంలో ఉబ్బిన తలుపుని కాస్త లోపలికి నెడితేనే గడియ జారుతుంది కదా, ఇదీ అంతే. చూపుడు వేళ్లతో స్టిక్ అంచుని ఒక వెంట్రుకవాసి కిందికి నొక్కి పట్టుకోవాలి. అప్పుడు రెండు బొటనవేళ్లతో రెండు క్లిప్పుల్నీ ఒకేసారి పక్కకి తొయ్యాలి. పైకి కాదు, బోర్డుకి సమాంతరంగా బయటివైపుకి. ఒకటి రెండు మిల్లీమీటర్లు కదిలితే చాలు. వేళ్లు వదలగానే స్టిక్ తనంతట తనే సుమారు 30 డిగ్రీల వాలుకి లేచి నిలబడుతుంది. అదే వాలులో అంచులు పట్టుకుని లాగితే ఏ బలమూ అక్కర్లేదు. మొదటిసారి అది టప్పున లేచినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఇంత చిన్నదానికా నేను స్క్రూడ్రైవర్ తీసింది అని.

ఒకటే వదిలి రెండోది మొరాయిస్తే స్టిక్‌ని గుంజకూడదు. వదిలిన పక్కని వేలితో ఆపి, రెండోదాన్ని విడిగా తొయ్యాలి. గోళ్లు లేని నాలాంటివాళ్లకి పాత ఏటీఎం కార్డు మూల కత్తిరించిన ముక్క బాగా పనిచేస్తుంది. ప్లాస్టిక్ కనుక జారినా బోర్డుకి గీత పడదు.

ఆ తర్వాత దుమ్ము దులపడానికి మూడుసార్లు తీశాను, ఒక్కసారీ టెన్షన్ పడలేదు. కానీ ఎడమ క్లిప్పు ఇప్పటికీ కుడిదాని కంటే కొంచెం లూజే. పెట్టేటప్పుడు రెండు వైపులా టిక్ మని వినపడేదాకా నొక్కి, ఎడమ కొక్కెం గాడిలో కూర్చుందో లేదో టార్చి వేసి చూసుకుంటాను.

కొనమంటారా అంటే, ర్యామ్ ఒక్కసారి మార్చి వదిలేసేవాళ్లకి ఫర్వాలేదు. తరచూ విప్పే అలవాటు, నాలా మొద్దు వేళ్లు, వెలుతురు తక్కువ గది ఉన్నవాళ్లయితే మాత్రం ఇంకో రెండు మోడళ్ల మూత లోపల ఎలా ఉంటుందో చూసి మరీ కొనండి. నేనైతే కొత్తది కొనే స్తోమత వచ్చేదాకా దీన్నే వాడతాను.